పదో తరగతి తర్వాత ఏ గ్రూపు? సెలవుల్లో పది రోజుల్లో తేల్చుకునే పద్ధతి

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, మా బాబుకు ఎంపీసీ ఇప్పియ్యాల్నా, బైపీసీనా?" అని ఒకరు, "కామర్స్ తీసుకుంటే ఉద్యోగాలు ఉంటయా?" అని ఇంకొకరు. నేను నల్లగొండ జిల్లాలో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను, అడ్మిషన్ల టేబుల్ దగ్గరా కూర్చున్నాను. జూన్‌లో ఉత్సాహంగా చేరిన పిల్లలే ఆగస్టులో తల వంచుకుని వచ్చి "గ్రూపు మారొచ్చా సార్?" అని అడిగినప్పుడు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లలో చాలామందికి ఆ సంగతి మేలోనే తెలిసిపోయేది, ఎవరైనా ఇంటర్ పుస్తకం ఒక్కసారి చేతికిచ్చి ఉంటే.

అందుకే ఫోన్ చేసినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. చేరకముందే పది రోజులు ఆ గ్రూపు చదివి చూడండి. అదెలాగో వరుసగా రాస్తున్నాను.

ముందు పేర్లు. మన దగ్గర సైన్స్ అంటే ఎంపీసీ, బైపీసీ. కామర్స్ అంటే సీఈసీ, లెక్కలు కూడా కలిసిన ఎంఈసీ. ఆర్ట్స్ అంటే చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ ఉండే హెచ్‌ఈసీ. సీఈసీలో సివిక్స్, ఎకనామిక్స్ కూడా ఉంటాయి కాబట్టి అది సగం ఆర్ట్స్ అనే అనుకోండి. గ్రూపుల్లోనూ సిలబస్‌లోనూ బోర్డు అప్పుడప్పుడు మార్పులు చేస్తుంది కాబట్టి మీరు చేరే ఏడాది ఏమున్నాయో కాలేజీలో అడిగి తెలుసుకోండి. పద్ధతి మాత్రం ఇదే పనికొస్తుంది.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

డబ్బు ఖర్చయ్యే పని కాదిది. కింద రాసినవి ఒక సంచిలో వేసుకుని ఇంట్లో ఒక మూల పెట్టుకోండి.

- పదో తరగతి మెమో, దాంతో పాటు ప్రీఫైనల్ మార్కులు కూడా
- పదో తరగతి లెక్కలు, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం పుస్తకాలు (అమ్మేయొద్దు, పాత పేపర్లవాడికి వేయొద్దు)
- ఇంటర్ మొదటి సంవత్సరం పాత పుస్తకాలు: లెక్కలు, ఫిజిక్స్, వృక్షశాస్త్రం, కామర్స్, సివిక్స్. ఒక్కో గ్రూపు చదివిన సీనియర్‌ను అడిగితే పది రోజులకు ఇస్తారు
- ఒక కొత్త నోటుబుక్కు, గడియారం
- అడిగితే చెప్పగలిగే ఒక మనిషి: సీనియరైనా, ట్యూషన్ సారైనా, బడిలో చెప్పిన టీచరైనా

పుస్తకాలు మీరు చదవబోయే మీడియంలోనే ఉండాలి. మన ఊళ్లలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియం తీసుకునే పిల్లలు ఎక్కువ. వాళ్లకు సబ్జెక్టు కష్టమా, భాష కష్టమా అన్నది కలగాపులగమైపోతుంది. ఆ రెండింటినీ విడదీయడం ఎలాగో అయిదో మెట్టులో చెబుతాను.

## 2. మొదటి రోజు: మొత్తం మార్కులు పక్కన పెట్టి, విడివిడిగా చదవండి

ఇంట్లో అందరూ చూసేది టోటల్. "అయిదు వందలు దాటినయ్, ఎంపీసీ ఇప్పిద్దాం" అంటారు. ఆ అయిదు వందల్లో తెలుగు, హిందీ, సోషల్ ఎన్ని మోశాయో ఎవరూ చూడరు.

మెమో ముందు పెట్టుకుని మూడు విషయాలు రాయండి.

మొదటిది, లెక్కల మార్కులు ఎక్కణ్నుంచి వచ్చాయి? ప్రీఫైనల్ పేపర్ ఉంటే తీయండి. సమితులు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత లాంటి అధ్యాయాల నుంచే ఎక్కువ వచ్చి ఉంటే అవి ఇంటర్ ఎంపీసీని మోయలేవు. ఇంటర్ మొదటి ఏడాది లెక్కలు నిలబడేది త్రికోణమితి, నిరూపక జ్యామితి, వర్గ సమీకరణాలు, బీజగణితంలో చెయ్యి తిరగడం, వీటి మీద. ఈ నాలుగింటిలో ఎలా చేశారో అదే మీ అసలు లెక్కల మార్కు.

రెండోది, సైన్స్‌ను రెండుగా విడదీయండి. పదో తరగతిలో భౌతిక శాస్త్రానికి ఒక పేపరు, జీవశాస్త్రానికి ఒక పేపరు ఉంటాయి. కలిపి 75 వచ్చాయంటే 38, 37 కావచ్చు, 30, 45 కూడా కావచ్చు. ఈ ఇద్దరు పిల్లలూ ఒక్కలాంటి వాళ్లు కారు.

మూడోది, ఆ మార్కులు ఎలా వచ్చాయి? నిజాయితీగా రాసుకోవాలి, ఎవరికీ చూపించక్కర్లేదు. అర్థమై వచ్చాయా, గైడు బట్టీ కొడితే వచ్చాయా, పరీక్ష ముందు వారం మోడల్ పేపర్లు తిప్పితే వచ్చాయా? బట్టీతో వచ్చిన లెక్కల 85 కంటే అర్థమై వచ్చిన 65 ఇంటర్‌లో ఎక్కువ దూరం వస్తుంది. ఇది నేను క్లాసులో చూసి చూసి చెబుతున్న మాట.

## 3. రెండో రోజు నుంచి తొమ్మిదో రోజు వరకు: ఇంటర్ పుస్తకంతో పరీక్ష

ఒక్కో పరీక్షకు రెండు రోజులు. మొదటి రోజు ఎవరి సాయమైనా తీసుకుని నేర్చుకోండి, వీడియో చూసినా తప్పు లేదు. రెండో రోజు పొద్దున పుస్తకం మూసి, ఫోన్ ఇంకో గదిలో పెట్టి, ఒంటరిగా గంట సేపు కూర్చోండి. పరీక్ష ఉన్నది ఈ రెండో రోజే.

### 3.1 లెక్కలు (ఎంపీసీ, ఎంఈసీ కోసం)

త్రికోణమితిలో సంయుక్త కోణాల అధ్యాయం తీయండి. మీకు పదో తరగతిలో sin A = 3/5 ఇచ్చి tan A కనుక్కోమని అడిగారు. ఇంటర్‌లో అదే దారిలో ఒక అడుగు ముందుకు వెళ్తారు.

A, B రెండూ లఘుకోణాలు, sin A = 3/5, cos B = 5/13 అయితే sin(A + B) ఎంత?

```
cos A = 4/5,  sin B = 12/13
sin(A + B) = sin A cos B + cos A sin B
           = (3/5)(5/13) + (4/5)(12/13)
           = 15/65 + 48/65
           = 63/65
```

చూడ్డానికి చిన్న లెక్కే. కానీ cos A కోసం 3, 4, 5 త్రిభుజం మీకు వెంటనే తట్టిందా, sin B కోసం 5, 12, 13 తట్టిందా, సూత్రంలో విలువలు పెట్టేటప్పుడు తికమక పడ్డారా అన్నది గమనించండి. ఇలాంటివి పది లెక్కలు రెండో రోజు ఒంటరిగా చేయాలి.

### 3.2 ఫిజిక్స్ (ఎంపీసీకీ బైపీసీకీ కూడా)

సరళరేఖపై చలనం తీసుకోండి. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరితే ఎంత ఎత్తు వెళ్తుంది, పైకి చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? g విలువ 10 అనుకుంటే 20 మీటర్లు, 2 సెకన్లు. జవాబు ముఖ్యం కాదు. v² = u² − 2gh లో h ను ఒక పక్కకు తెచ్చుకోవడం మీకు చేతనైందా? పైకి వెళ్లేటప్పుడు g ముందు మైనస్ ఎందుకు పెట్టామో పక్కనున్న తమ్ముడికి చెప్పగలరా?

బైపీసీ తీసుకోవాలనుకునే వాళ్లు ఈ పరీక్ష వదిలేస్తారు, "మాకు లెక్కలు ఉండవు కదా" అని. లెక్కల పేపర్ ఉండదు, నిజమే. ఫిజిక్స్ పేపర్ మాత్రం ఉంటుంది, అందులో సదిశలు ఉంటాయి, సూత్రాలు ఉంటాయి, సంఖ్యలు ఉంటాయి. నీట్ పరీక్ష 720 మార్కుల్లో ఫిజిక్స్ ఒక్కదానికే 180. లెక్కలంటే భయపడి బైపీసీలోకి పారిపోయిన పిల్లల్ని ఆ భయం ఫిజిక్స్ క్లాసులో మళ్లీ పట్టుకుంటుంది.

### 3.3 జీవశాస్త్రం (బైపీసీ కోసం)

వృక్షశాస్త్రంలో పుష్పం గురించిన భాగం చదవండి. మొదటి రోజు పెరట్లో వంగ మొక్క ఉంటే ఒక పువ్వు కోసి, రేకులు కింద కలిసిపోయి ఉన్నాయా, కేసరాలు ఎన్ని, అవి దేనికి అంటుకుని ఉన్నాయి అని పుస్తకంతో పోల్చి చూడండి. రెండో రోజు పువ్వూ పుస్తకమూ లేకుండా బొమ్మ గీసి భాగాలు గుర్తించండి.

ఇక్కడ చూడాల్సింది రెండు. పేర్లు ఎన్ని గుర్తున్నాయన్నది ఒకటి, ఎందుకంటే బైపీసీలో రోజూ కొత్త పేర్లు వస్తూనే ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది, ఆ పువ్వు విప్పి చూస్తున్నంత సేపు మీకు విసుగొచ్చిందా, ఇంకో పువ్వు కూడా విప్పి చూద్దామనిపించిందా? జువాలజీ పాఠం కూడా ఒకటి తిరగేయండి. రక్తం, శరీరభాగాలు అంటే కడుపులో తిప్పే పిల్లలు ఉంటారు, అది తప్పేం కాదు, కానీ ఇప్పుడే తెలిస్తే మంచిది.

### 3.4 కామర్స్, సివిక్స్ (సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీ కోసం)

ఈ రెంటికీ చెరొక గంట పెట్టుకోండి.

కామర్స్‌కు మీ ఊరి కిరాణా కొట్టే పుస్తకం. హాలియాలోనో జడ్చర్లలోనో ఒకాయన కొత్తగా కొట్టు పెట్టాడనుకోండి. సొంత డబ్బు 50,000 పెట్టాడు. 20,000 సరుకు నగదుకు కొన్నాడు. 8,000 సరుకు అప్పుకు తెచ్చాడు. 3,000 అద్దె కట్టాడు. జమాఖర్చు పాఠం చదివి ఈ నాలుగింటినీ డెబిట్, క్రెడిట్‌గా రాయండి.

- డబ్బు పెట్టినప్పుడు: నగదు ఖాతా డెబిట్ 50,000, మూలధనం ఖాతా క్రెడిట్
- నగదుకు కొన్నప్పుడు: కొనుగోళ్ల ఖాతా డెబిట్ 20,000, నగదు ఖాతా క్రెడిట్
- అప్పుకు తెచ్చినప్పుడు: కొనుగోళ్ల ఖాతా డెబిట్ 8,000, సరుకిచ్చిన వ్యాపారి ఖాతా క్రెడిట్
- అద్దె కట్టినప్పుడు: అద్దె ఖాతా డెబిట్ 3,000, నగదు ఖాతా క్రెడిట్

ఇప్పుడు గల్లా పెట్టెలో ఎంతుండాలి? 27,000. మూడో లావాదేవీలో నగదు ఎందుకు కదల్లేదో మీకు మీరే చెప్పుకోగలిగితే కామర్స్ మెదడు మీకు ఉంది. లెక్క సరిపోయే దాకా నిద్ర పట్టని పిల్లలు కొందరుంటారు, వాళ్లను ఇంజినీరింగ్ వైపు తోసేయడం నాకు నచ్చదు.

ఆర్ట్స్‌కు పరీక్ష వేరు. సివిక్స్‌లో హక్కుల పాఠమో చరిత్రలో ఒక పాఠమో ఆరు పేజీలు చదవండి. పుస్తకం మూసి, 25 నిమిషాల్లో పేజీన్నర సొంత మాటల్లో రాయండి. దాన్ని ఆ పాఠం చదవని మనిషికి ఇవ్వండి. అతనికి అర్థమైతే మీరు పాసైనట్టే. హెచ్‌ఈసీ అంటే చాలామంది బట్టీ అనుకుంటారు, నిజానికి అది రాసే గ్రూపు. వరుసగా మూడు గంటలు రాసే ఓపిక, చెప్పే విషయం ముక్కలు కాకుండా చెప్పే నేర్పు ఉన్నవాళ్లే దాంట్లో నిలబడతారు, రేపు గ్రూప్స్ పరీక్షలు రాయాలన్నా డీఎస్సీకి వెళ్లాలన్నా పనికొచ్చేది ఆ అలవాటే.

## 4. మార్కులు వేసుకునే పద్ధతి

ఒక్కో పరీక్షకు నోటుబుక్కులో మూడు మాటలు రాయండి.

- పదింటిలో ఒంటరిగా ఎన్ని చేశాను
- ఎన్నింటికి ఎవరో చిన్న సాయం చేస్తే దారి దొరికింది
- గంటలో ఎన్నిసార్లు లేచాను, లేక సమయం తెలియకుండా గడిచిందా

నా లెక్క ఇది, ప్రభుత్వం పెట్టిన రూలేమీ కాదు. ఒంటరిగా ఏడు, అంతకంటే ఎక్కువ వస్తే ఆ సబ్జెక్టు మీకు మోయగలిగిన బరువు. నాలుగు నుంచి ఆరు వస్తే ఆగి కారణం వెతకాలి. మూడు, అంతకంటే తక్కువ వస్తే నాలుగు రోజులాగి ఇంకో అధ్యాయంతో మళ్లీ చేయండి, అప్పుడూ మూడే వస్తే ఆ సబ్జెక్టు ప్రధానంగా ఉన్న గ్రూపు వద్దు.

ఎంత వచ్చిందన్నదాని పక్కన మూడో మాటను తప్పకుండా పెట్టి చూడండి. ఎనిమిది చేసి గంటలో ఆరు సార్లు లేచిన పిల్లాడు, ఆరు చేసి కదలకుండా కూర్చున్న పిల్లాడు, ఇద్దరిలో రెండేళ్లు లాగగలిగేది రెండోవాడే అని నా నమ్మకం.

## 5. నాలుగు నుంచి ఆరు వచ్చినప్పుడు: కారణం వెతకడం

ఇక్కడే అసలు పని ఉంది. మా బంధువుల అమ్మాయి సంగతి చెబుతాను. దేవరకొండ దగ్గర ఊరు. మార్కులు ఇవి: తెలుగు 88, హిందీ 79, ఇంగ్లిష్ 71, లెక్కలు 62, సైన్స్ 75, సోషల్ 86. మొత్తం 461. సైన్స్‌ను విడదీస్తే భౌతిక శాస్త్రం 31, జీవశాస్త్రం 44.

వాళ్ల నాన్న ఎంపీసీ అన్నాడు, పెదనాన్న కొడుకు అదే చదివాడని. తల్లి మాత్రం బైపీసీ. అమ్మాయిని అడిగితే "నర్సు అయితే మంచిగుంటది మామా" అంది, వాళ్ల నాయనమ్మను జిల్లా ఆసుపత్రిలో పెట్టినప్పుడు నాలుగు రోజులు తోడుగా ఉండి చూసిందట.

పది రోజుల పరీక్ష పెట్టాం. లెక్కలు 4. ఫిజిక్స్ 3. జీవశాస్త్రం 9, అదీ పువ్వు బొమ్మ గీసి రంగులు కూడా వేసింది. కామర్స్ 7. సివిక్స్ పేజీన్నర చక్కగా రాసింది.

ఎంపీసీ అప్పుడే పక్కకు పోయింది, వాళ్ల నాన్న నోటుబుక్కు చూసి తనే ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది బైపీసీనా, సీఈసీనా. కామర్స్ 7 ఉంది, ఫిజిక్స్ 3 ఉంది, అంకెలు మాత్రమే చూస్తే సీఈసీ అనాలి. కానీ బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ కావాలి. అందుకని ఫిజిక్స్‌లో తప్పిన ఏడు లెక్కలూ తీసి ఒక్కొక్కటీ ఎక్కడ ఆగిందో చూశాం. అయిదింటిలో సూత్రం సరిగ్గానే రాసింది, అర్థం కూడా అయింది. సమీకరణంలో ఒక పక్కనున్నదాన్ని ఇంకో పక్కకు తీసుకెళ్లేటప్పుడు తప్పింది. అంటే ఆ అమ్మాయికి ఫిజిక్స్ రాకపోవడం కాదు, ఎనిమిదో తరగతి బీజగణితంలో ఒక మెట్టు జారింది, అంతే.

రెండు వారాలు రోజూ ఇరవై చిన్న సమీకరణాలు చేయించాం. తర్వాత ఇంకో అధ్యాయంతో మళ్లీ పరీక్ష పెడితే 6 వచ్చింది. ఆ 6 చూశాకే బైపీసీ అన్నాం. నీట్ కోచింగ్ అంటూ హైదరాబాద్ పంపలేదు, దగ్గరున్న ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్చాం, ఎందుకంటే తను అడుగుతున్నది ఎంబీబీఎస్ కాదు.

మీరూ తప్పిన లెక్కల్ని ఇలాగే విడదీయండి. కారణాలు దాదాపు ఈ నాలుగే ఉంటాయి.

- పాత మెట్టు జారింది: భిన్నాలు, గుర్తులు, సమీకరణాలు. రెండు మూడు వారాల్లో సరిచేసుకోవచ్చు.
- భాష అడ్డొచ్చింది: ఇంగ్లిష్‌లో ప్రశ్న అర్థం కాలేదు. అదే ప్రశ్న తెలుగులో చదివి చేయండి. తెలుగులో వచ్చిందంటే సబ్జెక్టు బాగానే ఉంది, మొదటి మూడు నెలలు పదాల మీద కష్టపడాలి.
- విషయమే అందలేదు: తెలుగులో చెప్పినా, రెండుసార్లు చెప్పినా అందలేదు. దీన్ని సీరియస్‌గా తీసుకోండి.
- అందింది కానీ అసహ్యం: చేయగలరు, చేయాలనిపించదు. ఇది కూడా కారణమే, దీన్ని సోమరితనం అని కొట్టేయొద్దని తల్లిదండ్రులకు చెబుతున్నాను.

## 6. ఏ తలుపు మూసుకుంటుందో చూసుకోండి

ఏ గ్రూపు తీసుకుంటే ఏమేం అవుతారు అని అందరూ చెబుతారు. ఏమేం కాలేరన్నది చూడటమే నా దృష్టిలో తెలివైన పని, అది చిన్న జాబితా కాబట్టి.

ఇంజినీరింగ్‌కు లెక్కలు, ఫిజిక్స్ కావాలి. ఎంబీబీఎస్, బీఎస్సీ నర్సింగ్, మామూలుగా అగ్రికల్చర్ బీఎస్సీ వైపు వెళ్లాలంటే బైపీసీ. ఎన్డీఏ ద్వారా ఎయిర్‌ఫోర్స్, నేవీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలి, ఆర్మీకి మాత్రం ఏ గ్రూపైనా సరిపోతుంది. బీఫార్మసీకి ఎంపీసీ, బైపీసీ రెండూ పనికొస్తాయి.

మిగతావాటిలో చాలావరకు ఏ గ్రూపుకీ మూసుకోవు. అయిదేళ్ల లా కోర్సు, బీఏ, బీకాం, ఏదైనా డిగ్రీ అడిగే గ్రూప్స్ ఉద్యోగాలు, ఇంటర్ పాసైతే చాలనే కానిస్టేబుల్ ఉద్యోగం, ఇవన్నీ అందరికీ తెరిచే ఉంటాయి. సీఏ ఫౌండేషన్ కూడా ఇంటర్ ఏ గ్రూపు చదివినా రాయొచ్చు. కానీ అందులో నాలుగు పేపర్లలో ఒకటి గణితం, తార్కికం, సాంఖ్యక శాస్త్రం కలిసిన పేపర్. అందుకని సీఏ అనుకునే పిల్లలకు లెక్కల పరీక్షలో అయిదారు వచ్చినా సీఈసీ కంటే ఎంఈసీ, లేకపోతే ఆ ఏడాది లెక్కలున్న కామర్స్ గ్రూపు ఏదుంటే అది చూడమంటాను.

ఇక్కడొక తప్పు జరుగుతుంది. "ఎంపీసీ తీసుకుంటే అన్నీ తెరిచే ఉంటాయి కదా, తర్వాత చూసుకుందాం" అంటారు. బైపీసీ అడిగే కోర్సులు తప్ప, కాగితం మీద చాలావరకు నిజమే. కానీ రెండేళ్లు లెక్కల్లో ఫెయిలవుతూ సప్లిమెంటరీలు రాసిన పిల్లాడికి తెరిచిన తలుపు కనిపించదు. లెక్కల పరీక్షలో 7 దాటినవాళ్లకే ఈ మాట వర్తిస్తుంది.

## 7. కాలేజీ చూసుకునేటప్పుడు

గ్రూపు తేలింది సరే, అది మీకు దగ్గర్లో ఉందా? మన వైపు హెచ్‌ఈసీ అన్ని కాలేజీల్లో ఉండదు. ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల ఎంపీసీ, బైపీసీ తప్ప వేరేవి అడిగితే "అవెందుకమ్మా" అని మాట మార్చేస్తారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలు, మోడల్ స్కూళ్లు, గురుకులాలు, ఇంటర్ ఉన్న కేజీబీవీలు తిరిగి చూడండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు.

వెళ్లినప్పుడు అడగాల్సినవి:

- ఈ గ్రూపుకు బోర్డు అనుమతి ఈ ఏడాది ఉందా? (tgbie.cgg.gov.in లో కూడా చూసుకోండి)
- ఈ గ్రూపులో పోయినేడు ఎంతమంది చదివారు? ముగ్గురే ఉంటే క్లాసులు జరగడం అనుమానమే
- ప్రతి సబ్జెక్టుకూ లెక్చరర్ ఉన్నారా, ఎవరైనా ఖాళీనా?
- సైన్స్ అయితే ల్యాబ్ తాళం తీసి చూపించమనండి
- సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి?

ఆ చివరి ప్రశ్న చిన్నది కాదు. అచ్చంపేట అవతలి ఊళ్ల నుంచి, చందంపేట తండాల నుంచి వచ్చే పిల్లలు ప్రాక్టికల్స్ ఉన్న రోజు బస్సు కోసం సగంలో లేచి వెళ్లడం నేను చూశాను.

ఇంకొక మాట. జనవరి, ఫిబ్రవరిలోనే కాలేజీల తరఫు మనుషులు ఇంటికి వచ్చి "ఇప్పుడు అయిదు వేలు కట్టండి, ఫీజులో రాయితీ ఇస్తాం" అంటారు. పరీక్షలే రాయని పిల్లకు గ్రూపు అప్పుడే ఎలా తేలుతుంది? మా పక్కింటివాళ్లు అలా కట్టి, తర్వాత పాప సీఈసీ అంటే, కట్టిన డబ్బు తిరిగి రాదని చెప్పి ఎంపీసీలోనే కూర్చోబెట్టారు. కట్టాలే అనుకుంటే గ్రూపు మారితే డబ్బు ఏమవుతుందో రసీదు మీద రాయించుకోండి. ఒరిజినల్ మెమో, టీసీ ఇచ్చే ముందు నాలుగైదు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

## 8. ఇంట్లో మాట్లాడటం

"నాకు ఎంపీసీ ఇష్టం లేదు నాన్నా" అంటే గొడవవుతుంది. నోటుబుక్కు ముందు పెట్టి "నాన్నా, ఇంటర్ లెక్కలు రెండు రోజులు చేసి చూసిన, పదిట్ల మూడే వచ్చినయ్, మళ్ల చేసిన, మళ్ల మూడే" అంటే వాళ్లూ ఆలోచిస్తారు. తల్లిదండ్రులు పంతానికి కాదు, భయానికి మాట్లాడతారు. ఈ గ్రూపుతో పిల్ల ఎటు పోతుందో వాళ్లకు కనిపించాలి. అందుకని మీరు కోరుకున్న గ్రూపు తర్వాత ఏ కోర్సు, ఎన్నేళ్లు, ఎక్కడ, ఎంత ఖర్చు అన్నది నాలుగు వరుసల్లో రాసి చూపించండి. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఉన్నాయి, వాటి కింది డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. బీకాం కోసమో బీఏ కోసమో హైదరాబాద్ హాస్టల్ తప్పనిసరి కాదని తెలిస్తేనే సగం ఇళ్లలో టెన్షన్ తగ్గుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. నోటుబుక్కులో లెక్కల పక్కన 8 రాసి ఉండి, పిల్ల "నాకు హెచ్‌ఈసీ కావాలి" అంటే కంగారు పడి తిట్టకండి. ఎందుకని అడగండి. ఫ్రెండ్ అందులో చేరుతోందంటే అది కారణం కాదు. "నేను గ్రూప్స్ రాయాలె, ఇప్పటి నుంచే అవి చదువుత" అంటే, సివిక్స్ పరీక్షలో రాసిన పేజీన్నర తీసి చదవండి.

## 9. చేరిన తర్వాత మొదటి ఆరు వారాలు

గ్రూపు మార్చుకోవాలంటే అడ్మిషన్ల గడువు ముగిసేలోపే సులువు. అదే కాలేజీలో సీటు ఉంటే ప్రిన్సిపాల్‌తో మాట్లాడితే అయిపోతుంది, ఆలస్యమైన కొద్దీ కాగితాలు పెరుగుతాయి, పోయిన పాఠాలు కూడా పెరుగుతాయి. కాబట్టి చేరిన రోజే క్యాలెండర్‌లో ఆరు వారాల తర్వాతి తేదీకి సున్నా చుట్టండి. గడువు అంతకంటే ముందే ఉంటే ఆ తేదీకి వారం ముందు చుట్టండి.

ఆ రోజున మూడు చూడండి.

- మొదటి యూనిట్ టెస్టులో గ్రూపు సబ్జెక్టుల మార్కులు, భాషల మార్కులు కలపకుండా
- ఇవాళ చెప్పిన పాఠం ఇవాళ సాయంత్రం ఒంటరిగా ఎంత చేయగలుగుతున్నారు
- తప్పుతున్నవి అయిదో మెట్టులో చెప్పిన నాలుగు కారణాల్లో ఏ దాంట్లో పడుతున్నాయి

పాత మెట్టు జారడం, భాష అడ్డు రావడం అయితే గ్రూపు మారకండి, ఆ రెండింటినీ దసరా సెలవుల్లోపు పూడ్చుకోవచ్చు. విషయమే అందట్లేదు అని తేలితే ఆ వారంలోనే పాత నోటుబుక్కు తీసి, పది రోజుల పరీక్షలో రెండో స్థానంలో ఉన్న గ్రూపు ఏదో చూసి, అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గది దగ్గరకు వెళ్లండి.